అప్‌డేట్: పోర్ట్ ఫార్వర్డ్ చేసినా నాట్ మారలేదు, కారణం దొరికింది

నా ప్రశ్న: ఎక్స్‌బాక్స్‌లో నాట్ టైప్, అంటే బయటి కన్సోల్‌లు మనదానితో ఎంత సులువుగా కలవగలవో చెప్పేది, `Strict` అని వస్తోంది. రౌటర్‌లో 3074 పోర్ట్ ఫార్వర్డ్ చేసినా, ఒక్కడిది తప్ప మిగతా ఫ్రెండ్స్ లాబీల్లోకి వెళ్లలేకపోతున్నాను. ఎందుకు?

అప్‌డేట్: రౌటర్ సెట్టింగ్ సరిగ్గానే ఉంది, అడ్డం దానికి పైన ఉంది. ఇక్కడ ఒకరు చెప్పినట్టు రౌటర్ స్టేటస్ పేజీలో `WAN IP` చూశాను. 100.72తో మొదలైంది. ఫోన్‌ని అదే వైఫైలో పెట్టి, మన ఐపీ చూపించే సైట్ తెరిస్తే వేరే నంబర్ వచ్చింది. 100.64 నుంచి 100.127 వరకు ఉండే అడ్రస్‌లు ఇంటర్నెట్ కంపెనీ తన లోపల వాడుకునేవి. అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతున్నారు. దీన్నే సీజీనాట్ అంటారు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తుంటే మన ఫ్లాట్ తలుపు తెరిచి ఏం లాభం?

ఒక్క ఫ్రెండ్ లాబీలోకి మాత్రం ఎందుకు వెళ్లగలిగేవాడినో కూడా తెలిసింది. వాడిది `Open`. మిగతావాళ్లది `Moderate`, దానికీ `Strict`కీ పొసగదు.

ఇంటర్నెట్ వాళ్లకి ఫోన్ చేసి "పబ్లిక్ ఐపీ కావాలి" అని అడిగాను. స్పీడ్ బాగానే ఉంది కదా అని కాసేపు వాదించారు, చివరికి నెలకు కొంత అదనంగా తీసుకుని ఇచ్చారు. రౌటర్ రీస్టార్ట్ చేశాక రెండు చోట్లా ఒకే నంబర్. కన్సోల్‌కి లోపలి ఐపీ మారకుండా రిజర్వ్ చేసి, 3074 యూడీపీ, టీసీపీ రెండూ దానికే పంపాను. ఇప్పుడు `Open`. రెండో కన్సోల్ ఉన్నవాళ్లకి మాత్రం ఇది చాలదు, ఒక పోర్ట్ ఒక్కదానికే వెళ్తుంది.