ట్యాంకు స్టాండు నాలుగో కాలు గాల్లో ఉంది, కింద గది సీలింగ్‌లో సన్న పగులు. ఏం చేయాలి?

కొరిటెపాడు శ్రీను: గుంటూరులో మాది పాత డాబా ఇల్లు. పోయిన నెల వెయ్యి లీటర్ల ట్యాంకుకి నాలుగడుగుల యాంగిల్ స్టాండు చేయించి, వీలుగా ఉందని డాబా మధ్యలోనే పెట్టించాం. స్టాండు ఊగుతుంటే మేస్త్రి ఒక కాలు కింద ఇటుక ముక్క, కాస్త సిమెంటు పెట్టాడు. ఇప్పుడు ఆ ముక్క నలిగిపోయింది. కింద పడకగది సీలింగ్‌లో వెంట్రుకంత పగులు కనిపిస్తోంది. అమ్మ ఆ గదిలోనే పడుకుంటుంది, టెన్షన్‌గా ఉంది.

పటమట రాజు: శ్రీను గారూ, యాంగిల్ సన్నదై ఉంటుంది. ప్రతి కాలి కింద ఇనుప పలక వెల్డింగ్ చేయించండి, బరువు పరుచుకుంటుంది. మా ఇంట్లో అలాగే చేశాం.

లక్ష్మీ భవానీపురం: మా ట్యాంకు అవుట్‌లెట్ దగ్గర ఎప్పుడూ కారుతుంది. ఎన్ని టేపులు చుట్టినా ఆగదు. ఇదీ అలాంటిదేనా?

ఆటోనగర్ వెల్డర్ బాబాయ్: శ్రీనూ, ముందు ట్యాంకులో నీళ్లు పావు వంతుకి తగ్గించు. అమ్మని రెండు రోజులు వేరే గదిలో పడుకోబెట్టు. మిగతా పని ఆ తర్వాత చూద్దాం.

డాబా మీద వాన నీళ్లు పోవడానికి వాలు ఇస్తారు, అది అన్ని వైపులా ఒకేలా ఉండదు. నాలుగడుగుల స్టాండు దగ్గర ఆ వాలు దాదాపు అర అంగుళం తేడా తెస్తుంది. వెల్డర్ సమతలంగా ఉన్న చోట నాలుగు కాళ్లూ ఒకే కొలతకి కోస్తాడు. పైకి తెచ్చి పెట్టేసరికి ఒకటి గాల్లో వేలాడుతుంది. నిండిన ట్యాంకు, స్టాండు కలిపి సుమారు పదకొండు వందల కిలోలు. నాలుగు కాళ్లూ సరిగా ఆనితే కాలికి 275 కిలోలు. ఒక కాలు ఆనకపోతే ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు కాళ్ల మీదే దాదాపు మొత్తం పడుతుంది, ఒక్కొక్కదాని మీద 500 పైనే. ఇటుక ముక్క నలగడానికి అదే కారణం.

రాజు చెప్పిన పలక మంచిదే. 50 మిల్లీమీటర్ల యాంగిల్ కొస స్లాబ్ మీద ఆనేది అయిదారు చదరపు సెంటీమీటర్లే. ఆరంగుళాల పలక వేస్తే నలభై రెట్లు అవుతుంది, పైపూత చితకదు. అయితే కాలు స్లాబ్ మధ్యలో ఉంటే పలక వేసినా ఆ 275 కిలోలు మధ్యలోనే పడతాయి. స్లాబ్‌ వంగేది అక్కడే. ట్యాంకు బరువు కింద బీమో, గోడో ఉన్న చోటికి చేరాలి.

పటమట రాజు: నిజమే బాబాయ్, మాది గోడ మీదికే వచ్చింది. అందుకే మాకు ఏం కాలేదేమో.

కొరిటెపాడు శ్రీను: ట్యాంకు పక్కకి జరిపితే పైపులన్నీ మార్చాలి. గది వెడల్పు పదడుగులు, రెండు పక్కలా గోడలున్నాయి.

ఆటోనగర్ వెల్డర్ బాబాయ్: అయితే గోడ నుంచి గోడకి వంద మిల్లీమీటర్ల ఛానల్ రెండు వేయించు. కాళ్లు వాటి మీద, గోడల మధ్యలో నిలబడాలి. ఛానల్ కొసలు రెండూ కచ్చితంగా గోడల మీదికి రావాలి, అక్కడ పలక వేసి అంగుళం ఎత్తు లేపు. ట్యాంకు నిండితే ఛానల్ మధ్యలో అయిదారు మిల్లీమీటర్లు వంగుతుంది. కింద ఖాళీ లేకపోతే మళ్లీ స్లాబ్‌నే తాకుతుంది, నువ్వు పెట్టిన ఖర్చంతా వృథా.

లెవెల్ నీళ్ల ట్యూబుతో చూడు, స్పిరిట్ లెవెల్ చిన్నది మోసం చేస్తుంది. తేడా ఉన్న కాలి కింద ఇనుప రేకులు పెట్టి, అన్నీ ఆనాక వెల్డింగ్ పెట్టించు. ఖాళీ స్టాండు కింద హ్యాక్సా బ్లేడు దూర్చి చూడు. ఎక్కడా దూరకూడదు.

లక్ష్మమ్మా, మీది పైపు జాయింటు. కానీ స్టాండు దిగినా ఇలాగే కారుతుంది. ఒకసారి ట్యాంకు ఒరిగిందేమో చూడండి.

లక్ష్మీ భవానీపురం: చూశాను అన్నయ్యా, ఒక పక్కకి వాలే ఉంది. మా ఆయనకి చెప్తాను.

సివిల్ సూపర్‌వైజర్, మంగళగిరి: ఒక్క మాట. గోడ తొమ్మిదంగుళాల ఇటుక గోడా, నాలుగున్నర పార్టిషనా? పార్టిషన్ మీద ఛానల్ ఆనించకూడదు. ఇక పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. ట్యాంకు నిండాక గీత దాటితే ఇంజనీర్‌ని పిలవాల్సిందే.

కొరిటెపాడు శ్రీను: ఒక వైపు తొమ్మిదంగుళాలే, రెండోది చూడాలి. ట్యాంకు అడుగున స్టాండు మీద మాకు యాంగిల్ పట్టీలే ఉన్నాయి, వాటి మధ్య ట్యాంకు కొద్దిగా దిగింది. కడప బండ పరిస్తే సరిపోతుందా?

సివిల్ సూపర్‌వైజర్, మంగళగిరి: అడుగు మొత్తం ఆనాలి, అది నిజం. కానీ అంగుళమున్నర బండ నాలుగడుగుల చదరానికి 150 కిలోల దాకా వస్తుంది. ఆ బరువూ ఛానల్‌కి లెక్కలోకి వస్తుంది. 5 మిల్లీమీటర్ల ఇనుప రేకు అందులో సగం కూడా ఉండదు.

ఆటోనగర్ వెల్డర్ బాబాయ్: మన వైపు తేమకి రేకు తుప్పు పట్టేస్తుంది. రెడ్ ఆక్సైడ్ రెండు చేతులు కొట్టినా, నాలుగేళ్లకి మళ్లీ గీకి కొట్టాలి. బండకి ఆ బాధ లేదు. నేనైతే బండే వేస్తాను, ఛానల్ పెద్దది పెట్టి.

కొరిటెపాడు శ్రీను: రేపు రెండో గోడ కొలిచి చెప్తాను. ట్యాంకు పావుకి తగ్గించాను, అమ్మ హాల్లో పడుకుంది.