ఓవెన్‌లో సమోసా పైన బిస్కెట్‌లా గట్టిగా, అడుగున మెత్తగా వస్తోంది. ఏం చేయాలి?

మామయ్యగారికి వేయించినవి పడట్లేదని, ఆదివారం సమోసాలు ఓటీజీలో చేశాను. రెండు కప్పుల మైదాకి నాలుగు చెంచాల నూనె, వాము, ఉప్పు వేసి గట్టిగానే కలిపాను. లోపల ఆలూ బఠాణీ కూర, బాగా చల్లారాకే పెట్టాను. పైన బ్రష్‌తో నూనె రాసి, 180 డిగ్రీల దగ్గర అరగంట ఉంచాను.

తీసి చూస్తే అంచులు ఎర్రగా ఉన్నాయి కానీ, మధ్యలో సున్నం కొట్టినట్టు తెల్లటి మచ్చలు. నూనె అందని చోటల్లా అంతే. ట్రేకి ఆనిన అడుగు మాత్రం చెమ్మగా, సాగుతూ ఉంది. కొరికితే పైపొర బిస్కెట్‌లా విరిగింది. నూనెలో వేయించినప్పుడు వచ్చే పొరలు పొరలుగా రాలే గుల్లదనం లేదు. వేడి నూనె అన్ని వైపులా ఒకేసారి తగులుతుంది, ఓవెన్‌లో ఉండేది వేడి గాలే కాబట్టి అచ్చం అలా రాదని తెలుసు. మామయ్యగారు మాత్రం "పఫ్ బాగుందమ్మా" అన్నారు!

ఈసారి వేడి 200కి పెంచి, సమోసాలను ట్రేలో కాకుండా జాలీ మీద పెడదామనుకుంటున్నా. అలా చేస్తే అడుగు కాలుతుందా? నూనె మొదట్లోనే రాస్తే చాలా, సగంలో తిప్పి మళ్లీ రాయాలా? పిండిలో నూనె ఇంకో రెండు చెంచాలు పెంచితే గుల్లగా వస్తుందా, లేక మడతల దగ్గర విడిపోతుందా? చేసి చూసినవాళ్లు చెప్పండి.