అప్‌డేట్: తాడిపత్రిలో ఒక్క జీతంతో నడిచే ఇంటికి అత్యవసర నిధి

నా పాత ప్రశ్న: "నా జీతం 42,000. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. ఆరు నెలల జీతం పక్కన పెడితే సరిపోతుందా?"

మీరు చెప్పినట్టే జీతాన్ని బట్టి కాకుండా ఖర్చులను బట్టి లెక్క వేద్దామని, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు ముందేసుకుని, పని పోయినా ఆపలేని ఖర్చులను మాత్రమే రాసుకున్నాను. అద్దె 7,000, సరుకులు, పాలు, గ్యాస్ 9,500, అమ్మ మందులు 2,200, కరెంటు, ఫోను 1,800, పెట్రోలు 1,500, బండి కంతు 4,000 కలిపి నెలకు 26,000 తేలింది. అయితే జూన్‌లో కట్టే బడి ఫీజు, ఏటా కట్టే ఆరోగ్య బీమా కలిపి 54,000 ఇందులో లేవని మా ఆవిడ పట్టుకుంది; వాటి నెలవారీ వాటా 4,500 చేర్చితే 30,500 అయింది.

ఎన్ని నెలలకు అన్నదే అసలు చిక్కు. నేను పనిచేసేది బండల పాలిష్ యూనిట్‌లో. గతంలో ఒకసారి యూనిట్ మూతపడి నాలుగు నెలలు పని దొరకలేదు. పైగా మూతపడే ముందు రెండు నెలల జీతం బకాయి పడింది. ఆదుకోవడానికి రెండో జీతం లేదు కాబట్టి ఆ నాలుగూ ఈ రెండూ కలిసిన ఆరు నెలలకు మరో నెల చేర్చి, ఏడు నెలలకు 2,13,500గా నిర్ణయించుకున్నాను.

ఇంట్లోని బంగారాన్ని ఇందులో లెక్కించలేదు, ఎందుకంటే దాన్ని తాకట్టు పెడితే ఆదాయం లేని నెలల్లోనే వడ్డీ పెరుగుతుంది. ప్రస్తుతం 70,000 ఉంది. నెలకు 6,000 చొప్పున మిగతాది చేరడానికి రెండేళ్లు పడుతుంది.