160లోపు మెటా వివరణ: ఉపోద్ఘాతాన్ని కత్తిరించాలా, విడిగా రాయాలా?

ఆల్బమ్

పాత ఫొటోల స్కానింగ్ మీద పెద్ద వ్యాసం రాశాను. ఉపోద్ఘాతమే ఐదు పేరాలు వచ్చింది. సెర్చ్ ఫలితాల్లో పేజీ పేరు కింద కనబడే మెటా వివరణ 160 అక్షరాల లోపు ఉండాలంటున్నారు. ఉపోద్ఘాతంలో మొదటి 160 అక్షరాలు కత్తిరించి పెడితే సరిపోదా? విడిగా రాస్తే నిజంగా తేడా ఉంటుందా? నా మొదటి రెండు వాక్యాలు ఇవి:

> పాత ఆల్బమ్ తెరిస్తే చాలు, ఎన్నో జ్ఞాపకాలు కళ్ల ముందు కదులుతాయి. వాటిని స్కాన్ చేసేటప్పుడు 1200 డీపీఐ పెట్టకపోతే బొమ్మ నాణ్యత పూర్తిగా పోతుందని భయపడాల్సిన అవసరం లేదు.

అంకెలబడి

కత్తిరించినా పరవాలేదు, కానీ 160 మాత్రం దాటకూడదు. అది గూగుల్ పెట్టిన హద్దు. దాటితే పేజీ ర్యాంకు పడిపోతుంది. ముఖ్యమైన పదం మాత్రం ముందే వచ్చేలా చూసుకోండి. నేను అన్ని పేజీలకూ ఇదే పాటిస్తాను.

వట్టిచోటు

అసలు రాయడమే దండగ అని నా అభిప్రాయం. మీరు ఏం రాసినా గూగుల్ చాలాసార్లు పేజీలోంచి తనకు నచ్చిన ముక్క తీసి చూపిస్తుంది. ఏడాదిగా నేను ఆ చోటు ఖాళీగానే వదిలేస్తున్నాను, నాకే నష్టమూ కనబడలేదు. ఆ సమయం వ్యాసం మీద పెట్టండి.

కత్తెర

ఆల్బమ్ గారూ, మీరు అతికించిన వాక్యాలనే తీసుకుని సరిగ్గా 160 దగ్గర కోసి చూశాను. రెండో వాక్యం ఇలా మిగిలింది: "...1200 డీపీఐ పెట్టకపోతే బొమ్మ నాణ్యత పూర్తిగా పోతుందని భయపడాల్సిన అవసరం". మొత్తం 165 ఉంది. పోయింది ఒక్క "లేదు", దాని వెనక చుక్క. ఆ ఒక్క మాటతో మీరు చెప్పదలచుకున్నది తలకిందులైంది. చదివినవాళ్లకు 1200 పెట్టక తప్పదనే అనిపిస్తుంది.

ఇది మీ ఒక్కరి వాక్యానికే వచ్చిన కష్టం కాదు. తెలుగులో క్రియ చివర్న వస్తుంది. లేదు, కాదు, వద్దు, అక్కర్లేదు అన్నీ వాక్యం తోకలోనే ఉంటాయి, కత్తెర పడేదీ అక్కడే. అందుకే తెలుగు వ్యాసానికి యంత్రం కోసిన వివరణ పెట్టొద్దని నేను గట్టిగా అంటాను. కొన్ని వెబ్‌సైట్లు వివరణ చోటు ఖాళీగా ఉంటే ఉపోద్ఘాతాన్ని ఇలాగే కోసి దానంతట అవే నింపేస్తాయి. కాబట్టి వట్టిచోటు గారూ, మీరు ఖాళీ అనుకుంటున్నది నిజంగా ఖాళీయేనా అని ఒకసారి పేజీ సోర్సు తెరిచి చూసుకోండి.

అంకెలబడి గారు ముఖ్యమైన మాట ముందుండాలన్నది నిజం. మిగతా రెండూ కాదు. నిడివికి హద్దేమీ లేదని, పరికరం వెడల్పును బట్టి చూపేటప్పుడు కుదిస్తామని గూగుల్ సూచనల్లోనే ఉంది. ర్యాంకు లెక్కలో మెటా వివరణను వాడటం లేదని 2009లోనే ప్రకటించింది. 160 అన్నది తెర మీద సుమారుగా పట్టే నిడివిని చూసి జనం పెట్టుకున్న కొలత. 2017 డిసెంబరులో గూగుల్ ఆ చోటును దాదాపు 320కి పెంచింది. చాలామంది కూర్చుని వివరణలన్నీ పొడిగించారు. 2018 మేలో మళ్లీ 160 చుట్టుపక్కలకు తగ్గించింది, వాళ్ల వాక్యాలన్నీ మధ్యలో తెగాయి. ఆ అనుభవం తర్వాత నేను చెప్పాల్సింది మొదటి సగంలోనే చెప్పేస్తున్నాను. వ్యాసాలకు ఒక్కోసారి ముందు తేదీ కూడా చూపిస్తారు, అదీ ఆ చోటులోనే కూర్చుంటుంది.

కొత్తపేజీ

నాదీ ఇదే సమస్య అనుకుంటున్నాను. 160 దాటకుండా రాశాను, అయినా వివరణ మూడు మాటల దగ్గరే ఆగిపోతోంది. నిడివి ఇంకా తగ్గించాలా?

```html
<meta name="description" content="తడి గుడ్డతో ఫొటోను "అస్సలు" తుడవకండి">
```

కత్తెర

మీది నిడివి సమస్య కాదండీ. "అస్సలు" ముందున్న కొటేషన్ గుర్తు దగ్గరే `content` ముగిసిపోయింది. బ్రౌజరుకూ సెర్చ్ ఇంజిన్‌కూ అందింది "తడి గుడ్డతో ఫొటోను" వరకే. లోపలి గుర్తులు తీసేయండి, తప్పనిసరైతే వాటి చోట `&quot;` రాయండి. ఉపోద్ఘాతంలో ఎవరి మాటలనో కొటేషన్‌లో పెట్టి, దాన్నే తెచ్చి అతికిస్తే ఇలాగే అవుతుంది.

ఆల్బమ్

లేదు అన్న మాట పోవడం చూసి గతుక్కుమన్నాను. సరే, విడిగానే రాస్తాను. ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక ప్రయత్నం చేశాను: "ఈ వ్యాసంలో మనం పాత ఫొటోలను స్కాన్ చేసే విధానం, జాగ్రత్తలు, మెలకువల గురించి వివరంగా తెలుసుకుందాం."

కత్తెర

ఇందులో తెగేది ఏమీ లేదు, నిజమే. తెలిసేది కూడా లేదు. "ఈ వ్యాసంలో మనం", "తెలుసుకుందాం" అన్నవే మధ్య ఖాళీలతో కలిపి 26 తినేశాయి. మిగిలినది ఏ స్కానింగ్ వ్యాసానికైనా సరిపోతుంది.

నేను ఉపోద్ఘాతాన్ని మొదటి నుంచి చదవను. ఈ పేజీ కోసం వచ్చే మనిషి ఏం టైప్ చేసి ఉంటాడో ముందు ఒక కాగితం మీద రాసుకుంటాను. మీ విషయంలో అది "పాత ఫొటోలు ఎంత డీపీఐలో స్కాన్ చేయాలి" అయి ఉంటుంది. తర్వాత ఉపోద్ఘాతంలో దానికి జవాబిచ్చే వాక్యం ఎక్కడుందో వెతుకుతాను. మీ వ్యాసం తెరిచి చూశాను. అది నాలుగో పేరాలో ఉంది: అదే సైజులో అచ్చుకు 300, రెట్టింపు సైజుకు 600. ఐదో పేరాలో దుమ్ము తుడవడం, ఫైలు ఫార్మాటు ఉన్నాయి. జ్ఞాపకాల పేరాలు చదవడానికి బాగున్నాయి, అవి వ్యాసంలోనే ఉండనివ్వండి. వివరణ ఇలా కుదిరింది:

> పాత ఫొటోను అదే సైజులో అచ్చు వేయడానికి 300 డీపీఐ స్కాన్ చాలు, రెట్టింపు సైజుకు 600 కావాలి. ఏ ఫార్మాట్లో దాచాలో, దుమ్ము ఎలా తుడవాలో ఇందులో ఉంది.

మొదటి వాక్యం "కావాలి" దగ్గర 89కి ముగుస్తుంది. ఆ తర్వాత ఎక్కడ తెగినా నష్టం లేదు, అసలు సంగతి అందేసింది. "లేదు" మీద ఆధారపడే వాక్యాన్ని "చాలు" అని తిప్పి రాయడం కూడా కావాలని చేసిందే.

ఆల్బమ్

ఇది నచ్చింది. కానీ నిడివి అర్థం కావడం లేదు. నేను కాగితం మీద అక్షరాలు లెక్కపెడితే 84 వచ్చాయి. ఒక లెక్కింపు పేజీ 142 అంది. ఇంకొకటి 364 అని ఎర్ర రంగులో హెచ్చరించింది. ఏది నమ్మాలి?

కత్తెర

మూడూ సరైనవే, మూడూ వేర్వేరు వాటిని లెక్కపెట్టాయి. మీరు కంటికి కనబడే అక్షరాలను లెక్కించారు, ఖాళీలు, గుర్తులు కలిపి. 142 అన్నది యూనికోడ్ గుర్తుల లెక్క. అందులో గుణింతం వేరు, పొల్లు వేరు, వత్తు హల్లు వేరు. 364 అన్నది బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు తీసుకుంటుంది.

```python
s = "స్త్రీ"
print(len(s), len(s.encode("utf-8")))  # 6 18
```

మనకు కనబడేది ఒకే అక్షరం, గుర్తులు ఆరు, బైట్లు పద్దెనిమిది. నేను పైన చెప్పిన 160, 165, 89 అన్నీ యూనికోడ్ గుర్తుల లెక్కే. బైట్ల లెక్కను మాత్రం పట్టించుకోకండి, దాని మాట విని 160 బైట్లకు కుదిస్తే మీ వివరణ పది మాటలకే అయిపోతుంది. పీహెచ్‌పీలో `substr`తో కోసే పాత సైట్లు బైట్ల దగ్గరే కోస్తాయి. వివరణ చివర � ఇలాంటి డబ్బా కనబడితే జరిగింది అదేనని పోల్చుకోవచ్చు. `mb_substr` అయితే డబ్బా రాదు, కానీ వత్తు ముందు తెగి పొల్లు మిగిలే ప్రమాదం అప్పటికీ ఉంటుంది.

ఇంకో మాట. తెర మీద తెగేది వెడల్పును బట్టి. మన వత్తులు చాలావరకు అక్షరం కిందే కూర్చుంటాయి కాబట్టి గుర్తుల లెక్క పెరిగినంతగా వెడల్పు పెరగదు. అలాగని అక్షరం సన్నదీ కాదు. అందుకే తెలుగుకు ఖచ్చితమైన అంకె చెప్పడానికి నేను సాహసించను. 142తో ఆగాను, అది కూడా మొదటి వాక్యం ముందే ముగిసింది కాబట్టి నిశ్చింతగా ఉన్నాను.

పుటమార్పు

కత్తెర గారి లెక్కలతో నాకు పేచీ లేదు. వివరణలోనే జవాబు పెట్టేయడం మీదే నా అభ్యంతరం. 300, 600 అని ఫలితాల పేజీలోనే తెలిసిపోతే ఇక లోపలికి ఎవరు వస్తారు? "డీపీఐ ఎంత ఉండాలన్నది మీరు ఫొటోను ఏ సైజులో అచ్చు వేస్తారన్న దాన్ని బట్టి మారుతుంది" అని ఆపితే చాలదా? అబద్ధం లేదు, చదవాలన్న కోరిక మిగులుతుంది. కథనాలు, వ్యాసాలు రాసే నాకు జవాబు ముందే విప్పి చెప్పిన పేజీలే ఎక్కువ నష్టపోయినట్లు అనిపించింది.

కత్తెర

కథనాల విషయంలో మీతో ఒప్పుకుంటాను. అక్కడ ముగింపు చెప్పేస్తే చదవడానికి మిగిలేదేమీ ఉండదు. ఇక్కడ మాత్రం మనిషి స్కానర్ ముందు కూర్చుని అడుగుతున్నాడు. అంకె దాచిన వివరణ పక్కనే అంకె చెప్పిన వివరణ ఉంటే అతని చేయి రెండోదాని మీదికే వెళ్తుందని నా నమ్మకం. పైగా మనం దాచినా, వ్యాసంలో ఆ వాక్యం ఉన్నంతకాలం గూగుల్ దాన్నే తీసి చూపించవచ్చు. వెతికిన మాటలకు మన వివరణ కంటే పేజీలోని ముక్క బాగా సరిపోతే అది చేసే పని అదే.

పుటమార్పు

నమ్మకం అన్నారు కాబట్టి అడుగుతున్నాను, కొలిచి చూశారా?

కత్తెర

నా పేజీల్లో కొన్నింటికి చూశాను, అందరికీ వర్తిస్తుందని చెప్పేంత కాదు. ఆల్బమ్ గారే చూడొచ్చు. సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీని, ఆ ఒక్క ప్రశ్నను ఫిల్టరు పెట్టి, వివరణ మార్చక ముందు నాలుగు వారాలు, గూగుల్ కొత్తది చదివిన తర్వాత నాలుగు వారాలు పోల్చాలి. సగటు స్థానం దాదాపు మారకుండా ఉంటేనే క్లిక్కుల శాతాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మూడో స్థానం నుంచి రెండుకి ఎక్కి ఉంటే పెరిగిన క్లిక్కులు వివరణ వల్ల వచ్చాయో, స్థానం వల్ల వచ్చాయో విడదీయలేం.

వట్టిచోటు

కత్తెర గారూ, మీరు చెప్పినట్లు సోర్సు చూశాను. నా పేజీలన్నిటికీ మొదటి పేరా కోసి పెట్టేసి ఉంది. రెండింటిలో వాక్యం "చేయకూడ" దగ్గర తెగింది. ఆ రెండూ ఇవాళే విడిగా రాస్తాను. మిగతావాటికి రాయడం అవసరమని మాత్రం ఇంకా ఒప్పుకోలేను. అడిగే ప్రశ్నలు పది రకాలుగా ఉండే పేజీకి ఒక్క వివరణ దేనికి సరిపోతుంది?

ఆల్బమ్

142 ఉన్నదాన్ని పెట్టేశాను. నాలుగో పేరాలోని వాక్యాన్ని రెండో పేరాలోకి కూడా తెచ్చాను. వివరణ కోసం వెతుకుతుంటేనే అది ఎంత లోపల పడి ఉందో తెలిసింది. ముందు నాలుగు వారాల అంకెలు రాసిపెట్టుకున్నాను. తర్వాతివి రాగానే పుటమార్పు గారు సూచించిన వాక్యం కూడా అదే పేజీకి అంతే కాలం పెట్టి చూసి, రెండింటి లెక్కలూ ఇక్కడే ఇస్తాను.