తేదీ అయిపోయిన గిఫ్ట్ ఓచర్లు: మార్చి 31కి ఆదాయంలో వేసేయొచ్చా?

కోటజంక్షన్_అకౌంట్స్ (విజయనగరం)
మాది బట్టల షాపు, ప్రొప్రైటరీ. కిందటేడాది దసరాకి, సిరిమానోత్సవం రద్దీలో, వెయ్యి రూపాయల గిఫ్ట్ ఓచర్లు 200 అమ్మాం. గడువు ఏడాది. మొన్న దసరాకి గడువు ముగిసేసరికి 178 వాడారు, 22 మిగిలాయి. అంటే అప్పుల వైపు ఓచర్ లెడ్జర్లో 22,000 నిలిచింది. మా ఓనరు గారు "తేదీ అయిపోయింది కదా, మొత్తం సేల్స్‌లో కలిపేయ్" అంటున్నారు. కానీ తేదీ దాటాక కూడా ఎవరైనా తెలిసినవాళ్లు పట్టుకొస్తే ఆయనే కాదనకుండా తీసుకుంటున్నారు! అలా సంక్రాంతి లోపు ఆరు వచ్చాయి, వాటిని లెడ్జర్లో తగ్గించేశాను. ఇప్పుడు 16 ఉన్నాయి. ఈ 16,000 ఏం చెయ్యాలి? దీని మీద జీఎస్టీ పడుతుందా?

పొందూరు_బాబాయ్
ఇంత టెన్షన్ ఎందుకు బాబూ. డబ్బు చేతికొచ్చిన రోజే సేల్. ఓచర్ కొన్నవాడికి ఎలాగూ డబ్బు వెనక్కివ్వం, మరి అది అప్పు ఎలా అవుతుంది? మా కొట్లో అమ్మిన రోజే గల్లాలో, సేల్స్‌లో రాసేస్తాం.

రిటర్న్స్_రావు
బాబాయ్ గారూ, డబ్బు ఇవ్వకపోయినా బట్ట ఇవ్వాలి కదా, బాకీ అదే. అమ్మిన రోజున 1,000 సేల్ రాసి, ఆ మనిషి చీర తీసుకున్న రోజున మళ్లీ చీర బిల్లు కొడితే ఒకే వెయ్యి రెండుసార్లు అమ్మకం అవుతుంది. అది తప్పించడానికి కొన్ని షాపుల్లో క్యాషియర్లు ఓచర్ మొత్తాన్ని బిల్లులో డిస్కౌంట్‌గా కొట్టేస్తారు, అది ఇంకా ప్రమాదం.

లెక్క ఇలా చూడండి. చీర 1,600, దాని మీద 5 శాతం జీఎస్టీ 80, బిల్లు 1,680. కస్టమరు వెయ్యి ఓచరు, 680 నగదు ఇచ్చాడు. అమ్మకం 1,600, పన్ను 80. నగదు 680 వచ్చింది, ఓచర్ బాకీ 1,000 తగ్గింది. అంతే. అదే వెయ్యిని డిస్కౌంట్ అంటే అమ్మకం 600, పన్ను 30 అని పడుతుంది. చీర స్టాకులోంచి పోయింది, 50 రూపాయల పన్ను తక్కువ కట్టారు, ఓచర్ బాకీ మాత్రం లెడ్జర్లో అలాగే కూర్చుంటుంది.

అసలు విషయానికొస్తే, వాడకుండా మిగిలిపోయిన ఓచర్ల సొమ్ము మీద జీఎస్టీ లేదని 2024 డిసెంబర్ 31న వచ్చిన 243 నంబరు సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది. అందుకే దాన్ని సేల్స్‌లో కలపొద్దు. కలిపితే మీ పుస్తకాల్లో అమ్మకాలకీ జీఎస్టీఆర్-1కీ 16,000 తేడా వస్తుంది, ప్రతి ఏడూ దానికి సంజాయిషీ రాసుకోవాలి. 'వాడని ఓచర్ల ఆదాయం' అని విడిగా లెడ్జర్ పెట్టండి.

రథసప్తమి_స్టోర్స్ (శ్రీకాకుళం)
మంచి టైమ్‌కి దొరికింది చర్చ. మేము అరసవిల్లి రథసప్తమికి వచ్చేవాళ్లకి 200 తగ్గింపు కూపన్లు 300 పంచాం. అంటే నేను 60,000 అప్పు చూపించాలా? బ్యాలెన్స్ షీట్ బ్యాంకువాళ్లకి ఇవ్వాలి, గుండె ఆగినంత పనైంది.

రిటర్న్స్_రావు
అక్కర్లేదండీ. మీరు ఊరికే పంచారు, ఎవరూ డబ్బు కట్టలేదు. వాడినప్పుడు బిల్లులోనే తగ్గింపు చూపించండి, చాలు. ఇక్కడ మాట్లాడుతున్నది డబ్బు తీసుకుని అమ్మిన వాటి గురించి.

సీఏ_ఇంటర్_తిప్పలు
సార్, గడువు దాకా ఆగక్కర్లేదు కదా? ఇండ్ ఏఎస్ 115 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం, మామూలుగా 10 శాతం వాడరని తెలిస్తే, మిగతా ఓచర్లు వాడకంలోకి వస్తున్నకొద్దీ ఆ 10 శాతాన్ని కూడా అదే నిష్పత్తిలో ఆదాయంగా తీసుకోవచ్చు. 2 లక్షల్లో 20,000 రాదనుకుంటే, రావాల్సిన 1,80,000లో 90,000 వాడేసరికి 10,000 ఆదాయం.

రిటర్న్స్_రావు
లెక్క సరిగ్గానే చేశావు తమ్ముడూ. కానీ ఆ ప్రమాణం వర్తించేది లిస్టెడ్, పెద్ద కంపెనీలకి, ఇది ప్రొప్రైటరీ షాపు. ఇంకో సంగతి, ఆ పద్ధతికి కూడా గట్టి అనుభవం కావాలి. చేతిలో చరిత్ర లేకుండా 10 శాతం అని అనుకోవడానికి లేదు, అలాంటప్పుడు ఇక ఎవరూ రారు అని దాదాపు తేలేదాకా ఆగాల్సిందే.

కోట జంక్షన్ గారి చిక్కు కూడా అదే. ఓచర్ మీద అచ్చువేసిన తేదీ ఒకటి, ఓనరు గారి అలవాటు ఇంకొకటి. మన ఊళ్లలో తెలిసిన మనిషి పిల్లని వెంటబెట్టుకుని వస్తే 'తేదీ అయిపోయిందమ్మా' అని మొహమ్మీద ఎవరంటారు? తేదీ దాటినా తీసుకునే షాపుకి బాకీ ఆ తేదీతోనే తీరిపోయిందనడం కష్టం. అందుకే దసరా నాడే 22,000 ఆదాయంలో వేయకపోవడం మంచిదైంది. ఇంతకుముందు అమ్మిన ఓచర్ల సంగతేంటి? తేదీ దాటాక ఎన్నాళ్ల వరకు వచ్చాయి?

కోటజంక్షన్_అకౌంట్స్
అంతకుముందు బ్యాచ్‌లో 15 మిగిలితే నాలుగు వచ్చాయి, అవీ సంక్రాంతి లోపే. ఆ తర్వాత ఒక్కటీ రాలేదు.

రిటర్న్స్_రావు
రెండు బ్యాచ్‌లూ ఒకే తీరు. సంక్రాంతి దాటితే రావడం లేదు. నేనైతే మార్చి 31కి ఆ 16,000 వాడని ఓచర్ల ఆదాయంలోకి తీసుకుంటాను. ఆ తర్వాత ఎవరైనా తెస్తే ఓనరు గారిని ఇవ్వనివ్వండి, బిల్లు పూర్తి విలువకే కొట్టి, ఆ వెయ్యిని ఇదే ఆదాయం లెడ్జర్లోంచి తీసేయండి. రెండు మూడు వస్తే పెద్ద విషయం కాదు, పది వస్తే మాత్రం వచ్చే ఏడాది ఇంకా ఆగాలి.

జర్నల్ రాసేముందు ఓచర్ల రిజిస్టర్ తీసి నంబర్లు టిక్ పెట్టండి. వాడని నంబర్లు సరిగ్గా 16 ఉండాలి, లెడ్జర్లో 16,000 ఉండాలి. లెడ్జర్ తక్కువ చూపిస్తే ఒకే నంబరు రెండుసార్లు వచ్చిందేమో చూడండి, కలర్ జెరాక్స్ రోజులివి.

నెల్లిమర్ల_ఆడిట్_అసిస్టెంట్
నేను ఒప్పుకోను రావు గారూ. ఓనరు ఇంకా ఎప్పుడొచ్చినా ఇస్తానంటున్నాడు కదా, రెండు బ్యాచ్‌లు చూసి చరిత్ర అనడం తొందరే. ఇంకో ఏడాది బాకీలో ఉంచితే నష్టమేంటి? లేదా ఇకపై ఓచర్ వెనకాలే 'గడువు తర్వాత మూడు నెలల వరకు' అని అచ్చు వేయించి, దానికి ఓనరు కట్టుబడి ఉండాలి.

రిటర్న్స్_రావు
అచ్చు వేయించడం మంచి ఆలోచనే. కానీ అలాగే ఉంచుతూ పోతే ఆ లెడ్జర్ ఎప్పటికీ ఖాళీ అవదు. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో పాత బాకీల మీద ప్రశ్న వస్తే 'ఎప్పుడో వస్తారు' అని చెప్పలేం. ఇది మీ ఆడిటర్ గారి జడ్జిమెంట్, నా మాటే వేదం కాదు.

పొందూరు_బాబాయ్
సరే, అమ్మిన రోజే సేల్ అన్నది వదిలేస్తున్నాను. ఇది చెప్పండి. ఒక స్కూలు వాళ్లకి టీచర్ల కోసం వెయ్యి రూపాయల ఓచర్లు 950 చొప్పున ఇచ్చాం. బాకీ 950 రాయాలా, 1,000 రాయాలా?

రిటర్న్స్_రావు
మీకు వచ్చింది 950, బాకీ 950. చీర ఇచ్చిన రోజున ఆ ఓచర్ వల్ల అమ్మకంలో చేరేదీ అంతే. జీఎస్టీ దగ్గరే తలనొప్పి. ఓచర్ విలువ అంటే దాంతో కొనగలిగే సరుకు విలువ అనేది ఒక వాదన, అంటే వెయ్యి. ఆ 50ని అమ్మకానికి ముందే ఒప్పుకున్న తగ్గింపు అనే వాదన కూడా ఉంది. నేను మాత్రం వెయ్యి మీదే పన్ను కట్టిస్తున్నాను.

నెల్లిమర్ల_ఆడిట్_అసిస్టెంట్
మా దగ్గర ఒక క్లయింటుకి 950 మీదే కట్టించాం, ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగితే ఏమవుతుందో తెలీదు మరి.

కోటజంక్షన్_అకౌంట్స్
రిజిస్టర్ తీశాను. వాడనివి 15 నంబర్లే కనిపిస్తున్నాయి, లెడ్జర్లో 16,000 ఉంది. ఎవరో బిల్లులో డిస్కౌంట్ కొట్టినట్టున్నారు, జనవరి బిల్లులు వెతుకుతున్నాను.