కద్రువ, వినత: అక్కాచెల్లెళ్ళా, సవతులేనా?

కావలి నుంచి: తెల్లగుర్రం తోక నల్లగా ఉందని కద్రువ పందెం వేసి, తన పాము కొడుకుల్ని ఆ తోకకి చుట్టించి, వినతని ఓడించి దాసిని చేసుకుంది గదా. మా అవ్వ ఆ గుర్రప్పందెం కథ చెప్పేటప్పుడు కద్రువ నోట ఒక మాట పెట్టేది. ‘చూడవే చెల్లీ, తోక నల్లగా లేదూ!’ అని. అక్కడ ‘చెల్లీ’నా, ‘అక్కా’నా? అదొక్కటి తేలక ఆగిపోయా.

ఒంగోలు మాస్టారు: అవ్వగారి మాట వరసకి మూలంలో ఆధారముంది. వ్యాసుడు ఆదిపర్వంలో వాళ్ళని ‘భగిన్యౌ’ అన్నాడు, ఇద్దరూ ప్రజాపతి కూతుళ్ళే. పెద్ద ఎవరన్నది మాత్రం అక్కడ చెప్పలేదు.

నెల్లూరు నుంచి: రామాయణం అరణ్యకాండ తీయండి మాస్టారూ. ‘వినతా చ శుకీపౌత్రీ, కద్రూశ్చ సురసాస్వసా’. కద్రువ క్రోధవశ కూతురు. వినత తామ్ర కూతురైన శుకికి మనవరాలు. ఇక తోబుట్టువులెట్లా అవుతారు? సవతులు, అంతే.

ఒంగోలు మాస్టారు: అది ఆ గ్రంథం లెక్క. గుర్రప్పందెం భారతంలోది గదా, అక్కడి వరసే పట్టుకోవాలి.

కందుకూరు నుంచి: వరస సంగతి తర్వాత. పగకి పందెం సాకు మాత్రమే, అసలు బీజం గుడ్డులో ఉంది. కద్రువ గుడ్లు పగిలి పాములొచ్చాయని చూసి, వినత తొందరపడి తన రెండిట్లో ఒకటి పగలగొట్టింది. తొడలు లేకుండా పుట్టిన అనూరుడు, ‘నీ సవతికే 500 ఏళ్ళు దాసివి కా’ అని తల్లిని శపించాడు. ఓటమి అప్పుడే ఖాయమైపోయింది.

ఒంగోలు మాస్టారు: దాస్యానికైతే ఒప్పుకుంటా. పగకి ఒప్పుకోను. వినత కొడుకు గరుడుడు పాముల్ని వీపు మీద మోసి తిప్పాడు. సూర్యుడి దగ్గరికి ఎగిరితే అవి మాడిపోయాయి, కద్రువ ఇంద్రుణ్ణి వేడుకుని వాన కురిపించింది. ఆ చాకిరీ విసిగించాకే ‘వీళ్ళ మాట మనమెందుకు వినాలమ్మా’ అని తల్లిని అడిగాడు. తోక మోసం తెలిసింది అప్పుడే. అమృతం తెచ్చి విడిపించుకున్నాడు. పాములు నాకు ఆహారం కావాలని ఇంద్రుణ్ణి వరమడిగాడు.

అద్దంకి నుంచి: ఆ తోకకి చుట్టుకున్న కర్కోటకుడే నలుణ్ణి కాటేశాడు. ఆ ఘట్టంలో మా ఎర్రన చేయి చూడాలి!

ఒంగోలు మాస్టారు: నలకథ అరణ్యపర్వం రెండో ఆశ్వాసం, అది నన్నయదే. ఎర్రన అందుకున్నది నాలుగో ఆశ్వాసం మధ్య నుంచి.

అద్దంకి నుంచి: అందుకున్నచోట అతుకు కనపడనీయలేదు, అది చాలదా! హరివంశం చదివినవాళ్ళకి తెలుస్తుంది.

నెల్లూరు నుంచి: అతుకు లేకపోవడం సరే, మనుషులు మాట్లాడుకున్నట్టు రాయడం తిక్కనదే.

ఆత్మకూరు నుంచి: నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాను, రంగనాయకస్వామి గరుడసేవకీ వెళ్తాను. రెండూ చేస్తే దోషమా అండీ?

కందుకూరు నుంచి: దోషమేముందమ్మా, ఆ స్వామి పడుకున్నది ఆదిశేషుడి మీదే. తమ్ముళ్ళ తీరుకి విసిగి తపస్సుకి పోయిన కద్రువ పెద్దకొడుకు ఆయన.

కావలి నుంచి: అందరికీ దణ్ణం. ‘చెల్లీ’నా, ‘అక్కా’నా?

నెల్లూరు నుంచి: ‘సవతీ’ అని పిలవదు గదా, ఏదో ఒకటి అనే ఉంటుంది. తిక్కన అయితేనా...