12 మీటర్ల ఎత్తు గోడౌన్‌కి బీమ్ డిటెక్టర్ ఎంత ఎత్తులో పెట్టాలి?

ఫైర్ అలారం పనిలో అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. మా గోడౌన్ పొడవు 60 మీటర్లు, రేకుల కప్పు 12 మీటర్ల ఎత్తులో ఉంది. మూలన చిన్న వంటగది కూడా ఉంది.

వంటగది సంగతి తేలిపోయింది. అక్కడ పొగ డిటెక్టర్ పెడితే తాలింపు వేసినప్పుడల్లా మోగుతుంది కాబట్టి హీట్ డిటెక్టరే. అదీ స్థిర ఉష్ణోగ్రత రకం. వేడి ఎంత వేగంగా పెరుగుతోందో చూసే రకమైతే ఓవెన్ తలుపు తీసినా మోగొచ్చు.

దుమ్ము ఎక్కువని గోడౌన్‌లోనూ హీట్ డిటెక్టర్లే వేద్దామంటున్నాడు కాంట్రాక్టరు. నాకది నచ్చలేదు. అంత ఎత్తులో అవి వేడెక్కేసరికి కింద సరుకు బాగా అంటుకుని ఉంటుంది. బీమ్ అయితే ఈ గోడ నుంచి ఆ గోడకి కిరణం పంపి, దారిలో పొగ వల్ల వెలుగు ఎంత తగ్గిందో చూస్తుంది.

నా సందేహం ఎత్తు దగ్గరే. మధ్యాహ్నం రేకుల కింద వేడిగాలి పొరలా నిలుస్తుంది. చిన్న మంట పొగ పైకి వెళ్లేలోపే చల్లబడి, ఆ పొర కిందే ఆగిపోతుంది. కప్పు దగ్గర పెట్టిన బీమ్‌కి అది కనబడదు. అందుకని 7 మీటర్ల దగ్గర ఇంకో వరుస వేస్తే, ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తిన సరుకు కిరణానికి అడ్డం రాదా? ఒక్కసారిగా పూర్తిగా అడ్డుపడితే ప్యానెల్ ఫైర్ కాకుండా ఫాల్ట్ చూపిస్తుందట, కానీ సగమే అడ్డుపడితే?

ఇంకొకటి, ఎండకి రేకుల షెడ్డు ఫ్రేము కదిలితే గురి తప్పుతుందా? రిఫ్లెక్టర్ రకం వాడినవాళ్లు ఎలా బిగించారు?